జర్మనీలో లేఆఫ్: ఒప్పందం మీద సంతకం పెట్టమంటున్నారు. ఏఎల్‌జీ ఎప్పటి నుంచి, ఎన్ని నెలలు?

చందు_న్యూర్న్‌బెర్గ్
9 సెప్టెంబరు 2025, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదివి వెళ్ళిపోవడమే తప్ప ఇక్కడ రాసింది లేదు. ఇవాళ రాయాల్సి వచ్చింది.

పొద్దున పదకొండింటికి హెచ్‌ఆర్ పిలిచింది. మా టీమ్ మొత్తం తీసేస్తున్నారట. టేబుల్ మీద నాలుగు పేజీల కాగితం, దాని పక్కన టిష్యూ డబ్బా పెట్టారు. పెన్ను మూత కూడా తీసి నా వైపు తిప్పి పెట్టింది ఆవిడ. ఔఫ్‌హేబుంగ్స్‌ఫెర్‌ట్రాగ్ అంట. అంటే ఇద్దరం ఇష్టపడి విడిపోతున్నట్టు ఒప్పందం. అక్టోబరు 31తో ఉద్యోగం అయిపోతుంది, 13,500 యూరోలు ఇస్తారు. శుక్రవారంలోగా సంతకం పెట్టాలి. పెట్టకపోతే "మామూలు నోటీసే, ఈ డబ్బు ఉండదు" అంది. ఆలోచించుకుంటానని చెప్పి బయటపడ్డాను.

నా వివరాలు: 2023 అక్టోబరు 1న చేరాను, జర్మనీలో ఇదే మొదటి ఉద్యోగం. గ్రాస్ 5,400. టాక్స్ క్లాస్ 3, చేతికి 3,700 పైచిలుకు వస్తుంది. నా వయసు 33, పాపకు మూడేళ్ళు. మా ఆవిడ ప్రస్తుతం ఇంట్లోనే. కాంట్రాక్టులో నోటీసు మూడు నెలలు, నెలాఖరుకి. వీసా బ్లూ కార్డు.

నిరుద్యోగ భృతి, అదే ఏఎల్‌జీ, ఎన్ని నెలలు కడితే వస్తుంది, ఎంత కాలం ఆగాలి, ఎన్నాళ్ళు ఇస్తారు? తెలిసినవాళ్ళు చెప్పండి.

---

వెంకట్_బెర్లిన్
9 సెప్టెంబరు 2025, రాత్రి 10:05

బ్రో టెన్షన్ పడకు. పన్నెండు నెలలు కట్టి ఉంటే చాలు, నువ్వు రెండేళ్ళు కట్టావు. మొదటి వారం వెయిటింగ్, ఆ వారానికి ఏమీ రాదు. తర్వాత జీతంలో 60 శాతం, ఏడాది పాటు. నీకు పాప ఉంది కాబట్టి 67. 5,400లో 67 శాతం అంటే 3,600 పైన. ఇప్పుడు చేతికొచ్చేది అంతే కదా!

సంతకం పెట్టేసెయ్. 13,500 ఊరికే వస్తుంటే ఎవడు వదులుకుంటాడు. అందరూ పెడతారు.

---

పద్మజ_ఫ్రాంక్‌ఫర్ట్
9 సెప్టెంబరు 2025, రాత్రి 10:31

చందు గారూ, ముందు ఒక్క మాట. ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. పెట్టకుండా బయటికి వచ్చారు, మంచి పని చేశారు. నేను పదకొండేళ్ళుగా పేరోల్‌లో పనిచేస్తున్నాను. ఇలాంటి కాగితాలు ఎన్ని చూశానో లెక్కలేదు. పిల్లలు పడుకున్నాక వివరంగా రాస్తాను.

వెంకట్ గారు చెప్పిన పన్నెండు నెలలు నిజమే. ఆ మొదటి వారం వెయిటింగ్ మాత్రం ఇక్కడ లేదు. మీరు ఇంతకు ముందు కెనడాలో ఉండేవారా?

---

వెంకట్_బెర్లిన్
9 సెప్టెంబరు 2025, రాత్రి 10:34

అవును టొరంటోలో ఐదేళ్ళు 🙂 నేనున్నప్పుడు అక్కడ ఉండేది మరి. ఇక్కడ లేదా?

---

పద్మజ_ఫ్రాంక్‌ఫర్ట్
9 సెప్టెంబరు 2025, రాత్రి 11:50

లేదండీ. జర్మనీలో ఉద్యోగం పోయిన మరుసటి రోజు నుంచే లెక్క మొదలవుతుంది. చట్టం మనల్ని ఊరికే ఆగమనదు. కానీ మన సంతకంతో మనమే పన్నెండు వారాల నిరీక్షణ కొని తెచ్చుకోవచ్చు. చందు గారి ముందున్న కాగితం అలాంటిదే.

ముందు కట్టిన డబ్బు సంగతి. జీతం స్లిప్పులో `AV` అని ఒక వరుస ఉంటుంది, చూడండి. నిరుద్యోగ బీమా అదే. గ్రాస్‌లో 2.6 శాతం, సగం మీది, సగం కంపెనీది. మీ 5,400కి మీ వాటా నెలకు 70 యూరోల 20 సెంట్లు. ఉద్యోగం పోయిన రోజు నుంచి వెనక్కి 30 నెలలు చూస్తారు. అందులో మొత్తం 12 నెలలు ఈ బీమా ఉన్న ఉద్యోగం చేసి ఉండాలి. ఒకే కంపెనీలో చేసి ఉండాలని లేదు, మధ్యలో ఖాళీ ఉన్నా కూడిక వేస్తారు.

ఎన్నాళ్ళు ఇస్తారంటే, ఇంచుమించు కట్టిన దాంట్లో సగం కాలం. 12 నెలలు కడితే 6, 16కి 8, 20కి 10, 24కి 12. యాభై ఏళ్ళు దాటితే ఇంకా ఎక్కువ ఉంటుంది, అది మీకు వర్తించదు. మీకు అక్టోబరు ఆఖరుకి 25 నెలలవుతాయి కాబట్టి పూర్తి 12 నెలలు.

ఎంతంటే, 67 శాతం గ్రాస్ మీద కాదు. గ్రాస్‌లోంచి సామాజిక బీమాల కింద ఒక 20 శాతం ఉజ్జాయింపుగా తీసేస్తారు, తర్వాత మీ టాక్స్ క్లాస్ ప్రకారం పన్ను తీసేస్తారు, మిగిలిన దాని మీద 67. మీకు నెలకు 2,500 దరిదాపుల్లో వస్తుంది. 3,600 అనుకుని ఇంటి అద్దె లెక్కలు వేసుకోకండి.

ఇక అసలు విషయం. మీ అంతట మీరు ఉద్యోగం వదులుకుంటే, భృతి ఇచ్చే ఉపాధి ఏజెన్సీ వాళ్ళు ష్పెర్‌సైట్ వేస్తారు. పన్నెండు వారాలు చెల్లింపు ఉండదు. రాజీనామా అయినా, ఈ ఒప్పందం అయినా వాళ్ళ దృష్టిలో ఒకటే, ఎందుకంటే మీ సంతకం లేకపోతే ఉద్యోగం ఆ రోజు పోయేది కాదు. చాలామంది "మూడు నెలలు ఆలస్యం, అంతే కదా, తర్వాత ఏడాది వస్తుంది" అనుకుంటారు. అలా కాదు. మొత్తం కాలంలోంచి కనీసం నాలుగో వంతు కోసేస్తారు. మీ 12 నెలలు 9 అవుతాయి. పోయిన మూడు నెలలు ఇక రావు.

మీ కాగితం లెక్క వేశాను. అక్టోబరు 31న ఉద్యోగం ముగిస్తే నవంబరు 1 నుంచి 84 రోజులు ష్పెర్‌సైట్. జనవరి 23తో అయిపోతుంది. జనవరి 24 నుంచి భృతి మొదలు, అది కూడా నెలాఖరులో చేతికొస్తుంది. అంటే నవంబరు, డిసెంబరు, జనవరి దాదాపు మొత్తం చేతిలో ఉన్నదే ఖర్చు పెట్టుకోవాలి.

ఇంకొకటి. మీ నోటీసు మూడు నెలలు, నెలాఖరుకి. ఈ నెలలో నోటీసు ఇచ్చినా ఉద్యోగం డిసెంబరు 31 వరకు ఉండాలి. వాళ్ళు రెండు నెలలు ముందే పంపుతున్నారు. అంటే రెండు నెలల జీతం, 10,800, మీరే వదులుకుంటున్నారు. దానికి పోగొట్టుకునే మూడు నెలల భృతి, సుమారు 7,500, కలపండి. 18,300 అయింది. దానికి బదులుగా ఇచ్చేది 13,500, దాని మీద మళ్ళీ పన్ను.

పెన్ను మూత ఊరికే తీసి పెట్టలేదు ఆవిడ.

---

చందు_న్యూర్న్‌బెర్గ్
10 సెప్టెంబరు 2025, ఉదయం 6:58

పద్మజ గారూ, రాత్రి రెండుసార్లు చదివాను. మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. ఇంత సూటిగా లెక్క వేసి చూపిస్తారనుకోలేదు. 13,500 చూసి నిజంగానే లాభం అనుకున్నాను.

---

పాలమూరు పిల్లగాడు
10 సెప్టెంబరు 2025, ఉదయం 8:15

అక్కా, నాది జర చూడు. నా ముచ్చట వేరే ఉన్నది, కానీ ఈ థ్రెడ్‌లనే అడుగుతున్న, ఏమనుకోకుండ్రి.

మొదటి కంపెనీల 7 నెలలు చేసిన. ఆడ ప్రాజెక్టు అయిపోయింది. అయిదు నెలలు ఖాళీగ ఉన్న. ఇప్పుడు రెండో కంపెనీల చేరి 4 నెలల 20 రోజులైంది, ఇంకా ప్రొబేషన్లనే ఉన్న. నిన్న మేనేజర్ పిలిచి "రేపటి నుంచి రావాల్సిన పని లేదు, ఈ నెల జీతం ఇస్తం, ఇద్దరం మంచిగ విడిపోదం" అంటున్నడు. లెక్క కడితే 11 నెలల 20 రోజులే అయితున్నయి. పది రోజుల కోసం అంత పోయినట్టేనా?

---

పద్మజ_ఫ్రాంక్‌ఫర్ట్
10 సెప్టెంబరు 2025, మధ్యాహ్నం 12:40

తమ్ముడూ, "ఇద్దరం మంచిగా" అనే మాటకి ఒప్పుకోకు! ప్రొబేషన్‌లో కూడా రెండు వారాల నోటీసు ఉంటుంది. ఆ రెండు వారాలూ ఉద్యోగం కిందే లెక్క, నువ్వు ఆఫీసుకి వెళ్ళినా, ఇంట్లో కూర్చోమన్నా సరే, జీతం, బీమా నడుస్తున్నంత కాలం. 11 నెలల 20 రోజులకి 14 రోజులు కలిపితే 12 నెలలు దాటుతుంది. ఏజెన్సీ నెలని 30 రోజులుగా లెక్క పెడుతుంది, 360 రోజులు కావాలి, నీకు 364 అవుతాయి. ఆరు నెలల భృతి ఈ రెండు వారాల మీద ఆధారపడి ఉంది.

కాగితం మీద నోటీసు ఇమ్మను. మామూలుగా ఇచ్చిన తేదీ నుంచి రెండు వారాలు. మొదటి కంపెనీ వాళ్ళు ఏజెన్సీకి పంపాల్సిన ఉద్యోగ ధృవీకరణ పంపారో లేదో కూడా కనుక్కో. ఇప్పుడది ఆన్‌లైన్‌లోనే వెళ్తుంది, కానీ అడిగితే తప్ప పంపనివాళ్ళు ఉన్నారు.

---

పాలమూరు పిల్లగాడు
10 సెప్టెంబరు 2025, మధ్యాహ్నం 12:52

అక్కా నీ కాళ్ళు మొక్కాలె. నేను ఇయ్యాల సాయంత్రం "సరే" అందామనుకున్న. ఈమెయిల్ల నోటీసు పంపిస్తే సరిపోతదా?

---

ఈశ్వర్_హాంబుర్గ్
10 సెప్టెంబరు 2025, మధ్యాహ్నం 1:20

సరిపోదు. జర్మనీలో ఉద్యోగంలోంచి తీసేసే నోటీసు కాగితం మీదే ఉండాలి, అడుగున చేత్తో పెట్టిన సంతకం ఉండాలి. ఈమెయిలు, పీడీఎఫ్, వాట్సాప్, నోటి మాట ఏవీ చెల్లవు. ఒప్పందానికీ అదే రూలు. సంతకం చేత్తో పెట్టిందో, ప్రింటు కొట్టిందో తెలియకపోతే కాగితం వెనక వేలు పెట్టి రాసి చూడు, పెన్ను ఒత్తు తగులుతుంది. నాకు మా లాయరు చూపించిన చిట్కా అది.

చందూ, పద్మజ గారు చెప్పినదానికి ఇంకో కోణం ఉంది. సంతకం పెట్టినవాళ్ళందరికీ ష్పెర్‌సైట్ పడదు. నేను మూడేళ్ళ క్రితం ఇలాంటి ఒప్పందమే పెట్టాను, ఒక్క రోజు కూడా పడలేదు. కంపెనీ ఎలాగూ నోటీసు ఇచ్చేది అని ఒప్పందంలోనే రాయించుకున్నాం. కారణం నా తప్పు కాదు, కంపెనీ అవసరం అని రాయించుకున్నాం. ముగిసే తేదీ నోటీసు కాలం ప్రకారమే పెట్టించాం. సెవరెన్స్, అంటే పంపించేటప్పుడు ఇచ్చే డబ్బు, పనిచేసిన ఏడాదికి సగం నెల జీతం.

---

పద్మజ_ఫ్రాంక్‌ఫర్ట్
10 సెప్టెంబరు 2025, రాత్రి 9:10

ఈశ్వర్ గారు చెప్పింది సరైనదే, నేను రాయాల్సింది. ఆ షరతులన్నీ కలిస్తే ఏజెన్సీ దాన్ని సరైన కారణం కింద ఒప్పుకుంటుంది. ఏడాదికి సగం నెల జీతం మించకపోతే, ఆ నోటీసు చట్టబద్ధమా కాదా అని కూడా తవ్వరు. దాటితే తవ్వుతారు.

చందు గారికి ఆ లెక్కన రెండేళ్ళకు 5,400, కాస్త అటూ ఇటూ. వాళ్ళు ఇస్తామంటున్నది 13,500. పైగా తేదీ నోటీసు కాలానికి రెండు నెలలు ముందు ఉంది. తేదీ ఒక్కటే చాలు మొత్తం చెడటానికి.

తేదీ వల్ల ఇంకో ముడి కూడా ఉంది. నోటీసు కాలం పాటించకుండా సెవరెన్స్ తీసుకుంటే, అందులో కొంత భాగం నిజానికి ఆ రెండు నెలల జీతమే అని ఏజెన్సీ అనుకుంటుంది. ఆ మేరకు భృతి వెనక్కి జరుగుతుంది. చందు గారి వయసుకి, సర్వీసుకి సెవరెన్స్‌లో 60 శాతం లెక్కలోకి వస్తుంది, అంటే 8,100. రోజు జీతం 180. భాగిస్తే 45 రోజులు. నవంబరు 1 నుంచి డిసెంబరు 15 వరకు. ఇది కోత కాదు, జరపడమే, మొత్తం కాలం తగ్గదు. ష్పెర్‌సైట్‌తో పాటే నడుస్తుంది కాబట్టి ఈయన విషయంలో కొత్తగా పోయేదేమీ లేదు. కానీ ష్పెర్‌సైట్ తప్పించుకున్నా ఇది మాత్రం తప్పదు.

---

ఈశ్వర్_హాంబుర్గ్
10 సెప్టెంబరు 2025, రాత్రి 9:33

అయితే తేదీ డిసెంబరు 31కి మార్పించి 13,500 అలాగే ఉంచమని అడగచ్చు కదా? మా టీమ్‌లో ఒకాయన ఏడాదికి నెల జీతం తీసుకున్నాడు, ఏ ప్రశ్నా రాలేదు.

---

పద్మజ_ఫ్రాంక్‌ఫర్ట్
10 సెప్టెంబరు 2025, రాత్రి 9:41

అడగచ్చు. ఏజెన్సీ ఒప్పుకుంటుందా అంటే నేను చెప్పలేను. నా దగ్గరికి వచ్చిన కాగితాల్లో కొన్ని సాఫీగా వెళ్ళాయి, ఒకదానికి మూడు పేజీల ప్రశ్నావళి వచ్చింది. ఇది లాయరు చూడాల్సిన పని. మొదటి సంప్రదింపుకి చట్టప్రకారం 190 యూరోలు మించకూడదు, పైన వ్యాట్. ఆ డబ్బు పెట్టడం నయం.

సంతకం పెట్టకుండా నోటీసు తీసుకుంటే ఇంకో దారి ఉంది. నోటీసు చేతికందిన మూడు వారాల్లోపు లేబర్ కోర్టులో దావా వేయచ్చు. సెవరెన్స్ మీద రాజీ తరచుగా అక్కడే కుదురుతుంది. నోటీసు కాలం చెడకపోతే కోర్టు రాజీకి మామూలుగా ష్పెర్‌సైట్ వేయరు. "నోటీసు తీసుకుంటే డబ్బే ఉండదు" అనే బెదిరింపు సగం నిజం మాత్రమే.

---

కాకినాడ కుమార్
11 సెప్టెంబరు 2025, ఉదయం 7:30

నమస్తే. నేను డిసెంబరులో ఇండియా తిరిగి వెళ్ళిపోతున్నాను. నాలుగేళ్ళు కట్టిన నిరుద్యోగ బీమా వాపసు రావాలంటే ఏ ఫారం నింపాలి? రెండేళ్ళు ఆగాలని విన్నాను.

---

పద్మజ_ఫ్రాంక్‌ఫర్ట్
11 సెప్టెంబరు 2025, ఉదయం 8:02

కుమార్ గారూ, మీరు విన్నది పెన్షన్ గురించి. దాని కథ వేరు, దానికి 24 నెలల ఆగుడు ఉంది. నిరుద్యోగ బీమా వాపసు రాదు. కారు బీమా కట్టి ప్రమాదం జరగకపోతే వెనక్కి అడగం కదా, అదీ అంతే. భృతిని ఇండియాలో కూర్చుని తీసుకోవడం కూడా కుదరదు.

---

రెడ్డి_లైప్‌జిగ్
11 సెప్టెంబరు 2025, సాయంత్రం 6:15

ఆ మాటొచ్చింది కాబట్టి నా కథ చెప్తా. పోయినేడు భృతి మీద ఉన్నప్పుడు మా చెల్లెలి పెండ్లి, అనంతపురంలో. ఇంట్లో కూర్చునేదే కదా, ఈడ కూర్చుంటే ఏంది, ఆడ కూర్చుంటే ఏంది అనుకున్యా. ఎవరికీ చెప్పకుండా నాలుగు వారాలు పోయొచ్చినా. వచ్చేసరికి పోస్టు డబ్బాలో మూడు కవర్లు. మొదటి దాంట్లో ఫలానా రోజు కౌన్సిలర్‌ను కలవమని. రెండో దాంట్లో ఎందుకు రాలేదో చెప్పమని. మూడోది నేను ఊర్లో లేని రోజుల డబ్బు వెనక్కి కట్టమని. పెండ్లి ఆల్బమ్ చూపించినా లాభం లేకపోయింది. 28 రోజుల డబ్బు కట్టినా.

ముందే అడిగింటే ఏడాదికి మూడు వారాలు ఇస్తారంట. అడగాల్సింది పోయే ముందు, వచ్చినాక కాదు. తప్పు నాదే, ఆఫీసును అనేదానికేం లేదు.

---

వెంకట్_బెర్లిన్
11 సెప్టెంబరు 2025, సాయంత్రం 7:00

పద్మజ గారూ నేను తప్పు చెప్పాను, ఒప్పుకుంటున్నా. గ్రాస్ మీద అనుకున్నాను. కానీ ఇది మాత్రం నాకు కచ్చితంగా తెలుసు: ఏజెన్సీలో పేరు నమోదుకి మూడు నెలల టైమ్ ఉంటుంది. కంగారు లేదు చందూ.

---

పద్మజ_ఫ్రాంక్‌ఫర్ట్
11 సెప్టెంబరు 2025, సాయంత్రం 7:25

వెంకట్ గారూ, మళ్ళీ సగమే 🙂 మూడు నెలలు అంటే ఉద్యోగం ముగిసే తేదీకి మూడు నెలలు *ముందు*. ముగిసిన తర్వాత కాదు.

ఇక్కడే ఎక్కువ మంది పడిపోతారు, ఎందుకంటే నమోదులు రెండు. ఏజెన్సీ సైటులో ఒక బటన్ `Arbeitsuchend melden`, ఇంకొకటి `Arbeitslos melden`. చూడటానికి కవల పిల్లల్లా ఉంటాయి. మొదటిది "నా ఉద్యోగం పోబోతోంది, పని వెతుకుతున్నాను" అని చెప్పడం. ముగిసే తేదీకి మూడు నెలల ముందే చెయ్యాలి. ఆ తేదీ అంతకంటే దగ్గరగా ఉంటే, తెలిసిన మూడు రోజుల్లోపు. ఆలస్యమైతే వారం డబ్బు పోతుంది. వెంకట్ గారు చెప్పిన "మొదటి వారం" ఇక్కడ ఎవరికైనా పడిందంటే కారణం సాధారణంగా ఇదే.

రెండోది "ఇవాళ్టి నుంచి నాకు పని లేదు" అని చెప్పడం. ఉద్యోగం లేని మొదటి రోజుకల్లా అయిపోవాలి. మూడు నెలల ముందు నుంచే చెయ్యచ్చు. స్వయంగా వెళ్ళి చెప్పాలి, లేదా ఈ-ఐడీ పనిచేసే కార్డు ఉంటే ఆన్‌లైన్‌లో. మొదటిది చేసేసి "నా పేరు నమోదైంది" అని నిశ్చింతగా కూర్చుంటారు. పది రోజుల తర్వాత వెళ్తే ఆ పది రోజుల డబ్బు ఉండదు, వెనకటి తేదీకి ఇవ్వరు.

---

చందు_న్యూర్న్‌బెర్గ్
27 సెప్టెంబరు 2025, ఉదయం 10:20

ఇన్ని రోజులు రాయలేకపోయాను, క్షమించండి. ఏం జరిగిందో చెప్తాను.

శుక్రవారం సంతకం పెట్టనని చెప్పాను. ఆవిడ ఇంకో వారం గడువు ఇచ్చింది, తర్వాత ఇంకో వారం. 13,500 కాస్తా 15,000 అయింది. తేదీ మాత్రం కదలలేదు. లాయరుని కలిశాను. పద్మజ గారు రాసిన లెక్కే ఆయన పసుపు కాగితం మీద వేసి చూపించాడు.

నిన్న 26న నోటీసు చేతికిచ్చారు. డిసెంబరు 31తో ముగింపు. వెనక వేలు పెట్టి చూశాను ఈశ్వర్ గారూ, పెన్ను ఒత్తు తగిలింది. అక్టోబరు నుంచి ఆఫీసుకి రానక్కర్లేదు, జీతం మాత్రం డిసెంబరు దాకా వస్తుంది. మొదటి బటన్ నిన్న సాయంత్రమే నొక్కాను. కోర్టుకి అక్టోబరు 17 దాకా గడువు, దావా వేస్తున్నాం.

రెండు అనుమానాలు. జనవరి 1 సెలవు కదా, ఆ రోజు ఏజెన్సీ మూసి ఉంటే రెండో నమోదు ఎలా? బ్లూ కార్డు సంగతేంటి?

---

పద్మజ_ఫ్రాంక్‌ఫర్ట్
27 సెప్టెంబరు 2025, మధ్యాహ్నం 2:05

చాలా బాగా చేశారు. ఆఫీసు మూసి ఉంటే, మళ్ళీ తెరిచిన మొదటి రోజు వెళ్ళినా జనవరి 1 నుంచే లెక్కిస్తారు. కానీ అంత దాకా ఎందుకు, అక్టోబరులోనే వెళ్ళి చెప్పేయండి.

బ్లూ కార్డుకి: ఉద్యోగం ముగిసిన సంగతి విదేశీయుల కార్యాలయానికి మీరు కూడా చెప్పాలి, తెలిసిన రెండు వారాల్లోపు. కంపెనీ వాళ్ళు ఎలాగూ చెప్తారు, అయినా మీ బాధ్యత మీదే. ఏఎల్‌జీ తీసుకుంటే వీసా పోతుందని భయపడి కొందరు దరఖాస్తే చెయ్యరు. అది మీరు కట్టిన బీమా డబ్బు, సర్కారు సాయం కింద లెక్క కాదు. కొత్త ఉద్యోగానికి ఎన్ని నెలలు ఇస్తారన్నది మాత్రం ఊరిని బట్టి, అధికారిని బట్టి మారుతోంది.

---

ఈశ్వర్_హాంబుర్గ్
27 సెప్టెంబరు 2025, మధ్యాహ్నం 2:40

అవును. మా ఊళ్ళో ఒకరికి ఆరు నెలలు రాసిచ్చారు, ఇంకొకరికి మూడే. ఇద్దరివీ బ్లూ కార్డులే. రెండేళ్ళు దాటిందా లేదా అన్నది చూస్తారంటారు కానీ, ఆ మూడు నెలలాయనకీ రెండేళ్ళు దాటాయి.

---

పాలమూరు పిల్లగాడు
27 సెప్టెంబరు 2025, సాయంత్రం 5:10

నా అప్‌డేట్ కూడా ఏస్తున్న. కాగితం మీదనే ఇయ్యాలని పట్టు పట్టిన. 12న ఇచ్చిండ్రు. నిన్నటికి రెండు వారాలు. ఏజెన్సీల ఆమె లెక్క పెట్టి 366 రోజులు అన్నది. అర్జీ పెట్టిన, ఇంకా ఉత్తరం రాలే.

---

చందు_న్యూర్న్‌బెర్గ్
28 సెప్టెంబరు 2025, రాత్రి 8:30

ఇంకొక్కటి అడిగి ఆపేస్తాను. మా ఆవిడకి నవంబరు నుంచి ఉద్యోగం దొరికేలా ఉంది. చిన్న జీతం, నెలకి 2,600. నాది క్లాస్ 3 కాబట్టి ఆమెకి 5 పడుతుంది, అందులో పన్ను బాగా పోతుందని జనవరి 1 నుంచి ఇద్దరం 4, 4కి మారిపోదాం అనుకుంటున్నాం. దానికీ దీనికీ సంబంధం ఉందా?

---

పద్మజ_ఫ్రాంక్‌ఫర్ట్
28 సెప్టెంబరు 2025, రాత్రి 9:02

ఉంది! మంచి టైముకి అడిగారు. భృతి మొదలయ్యే సంవత్సరంలో జనవరి 1న మీ కార్డు మీద ఏ క్లాస్ ఉందో దాన్నే చూస్తారు. మీ భృతి సరిగ్గా జనవరి 1, 2026న మొదలవుతుంది. ఆ రోజు 3 ఉంటే నెలకు 2,530 ప్రాంతంలో, 4 ఉంటే 2,250 ప్రాంతంలో. నెలకు 280 తేడా, మీరు భృతి మీద ఉన్నన్ని నెలలూ.

ఆమెకి క్లాస్ 5లో ఎక్కువగా పోయే పన్ను ఏడాది చివర రిటర్నులో సర్దుకుంటుంది. తక్కువగా వచ్చిన భృతి సర్దుకోదు. కాబట్టి జనవరి 1న 3 అలాగే ఉండనివ్వండి. భృతికి పన్ను లేదు కానీ, మిగతా ఆదాయం మీద పన్ను రేటు పెంచుతుంది, 2026 రిటర్ను తప్పకుండా వెయ్యాల్సి వస్తుంది. ఆమె జీతం కూడా ఉంది కాబట్టి కొంత వెనక్కి కట్టాల్సి రావచ్చు, కాస్త పక్కన పెట్టుకోండి.

---

చందు_న్యూర్న్‌బెర్గ్
28 సెప్టెంబరు 2025, రాత్రి 9:15

మార్చే ఫారం నింపి టేబుల్ మీదే పెట్టుకున్నాం, రేపు పోస్టు చేద్దామని. మా ఆవిడ ఇప్పుడే తీసి డ్రాయర్‌లో పడేసింది.